రక్తదాన శిబిరానికి వాలంటీర్లను పిలిచే మెసేజ్ ఎలా రాయాలి?

"వచ్చే శని, ఆదివారాల్లో రక్తదాన శిబిరం పెడుతున్నాం. వాలంటీర్ల కోసం గ్రూపులో మెసేజ్ పెట్టే బాధ్యత నాది. పోయినసారి 'అందరూ తప్పక రండి' అని పెడితే నలభై మంది వస్తామన్నారు. శనివారం ఉదయం పాతిక మంది ఊరికే నిలబడ్డారు, ఆదివారం మధ్యాహ్నానికి ముగ్గురే మిగిలారు. ఈసారి మెసేజ్‌లో ఏం రాయాలి, ఎంతమందిని అడగాలి?"

పోయినసారి వచ్చినవాళ్ల తప్పేమీ లేదండీ. "అందరూ రండి" అంటే చదివినవాళ్లకు ఎప్పుడు రావాలో, వచ్చి ఏం చేయాలో, రాకపోతే ఏం ఆగిపోతుందో తెలియదు. మొదటిరోజు ఉత్సాహం కొద్దీ అందరూ వస్తారు, చేయడానికి పని కనబడదు, రెండోరోజుకు "మనం లేకపోయినా జరిగిపోతుంది" అనుకుంటారు. వాళ్లు చూసింది కూడా అదే కదా. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తూ నాకు తెలిసిందేమిటంటే, మెసేజ్‌లో పనికి మీరు ఏ పేరు పెడితే వచ్చినవాళ్లు ఆ పనే చేస్తారు. పేరు పెట్టకపోతే ఏ పనీ చేయరు. పేరు తప్పుగా పెడితే తప్పు పని చేస్తారు. ఈ మూడోది నాకు ఎలా తెలిసిందో కిందికి వెళ్లాక చెప్తాను.

మెసేజ్ రాయడానికి ముందు బ్లడ్ బ్యాంక్ వాళ్లకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని మంచాలు తెస్తున్నారు? దాతలను పరీక్షించే డాక్టర్లు ఎంతమంది? ఎన్ని గంటలకు బయల్దేరి వెళ్లిపోవాలి? మీకు ఎంతమంది కావాలో ఈ మూడు జవాబుల్లోనే ఉంటుంది. గ్రూపులో ఎంతమంది ఉన్నారన్నది లెక్కలోకి రాదు.

ఒక మామూలు శిబిరం తీసుకుని లెక్క వేద్దాం. నాలుగు మంచాలు, ఒక డాక్టర్, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు. రక్తం సంచిలోకి చేరడానికి పట్టేది 8 నుంచి 10 నిమిషాలే. కానీ దాత వచ్చి పడుకోవడం, చేయి శుభ్రం చేయడం, నరం చూసుకోవడం, సూది తీశాక దూది నొక్కి ఉంచడం, లేవడానికి ముందు కాసేపు అలాగే ఉంచడం, ఇవన్నీ కలిపితే ఒక మంచం మీద ఒకరికి 20 నిమిషాలు పడుతుంది. అంటే గంటకు మంచానికి ముగ్గురు, నాలుగు మంచాలకు పన్నెండు మంది. అటు డాక్టర్ ఒక్కో దాతతో మాట్లాడి, బీపీ చూసి, ఫారం మీద సంతకం పెట్టడానికి 5 నిమిషాలనుకుంటే అక్కడా గంటకు పన్నెండు మందే తెములుతారు. ఐదు గంటలకు అరవై. మొదట్లో సర్దుకోవడానికి, చివర్లో ముగించడానికి పోయే సమయం తీసేస్తే యాభై దగ్గర ఆగుతుంది.

గంటకు పన్నెండు మంది అన్న ఈ అంకె తెలిస్తే చాలా భ్రమలు పోతాయి. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఆరుగురు వాలంటీర్లను కూర్చోబెట్టినా శిబిరం వేగం పెరగదు, డాక్టర్ ముందు వరుస పెరుగుతుంది, అంతే. గంటకు పన్నెండు ఫారాలు నింపించడానికి ఇద్దరు చాలు. రక్తం ఇచ్చినవాళ్లు కనీసం 15 నిమిషాలు కూర్చోవాలి కాబట్టి, విశ్రాంతి స్థలంలో ఏ క్షణంలో చూసినా సగటున ముగ్గురు ఉంటారు. మనుషులు సగటు ప్రకారం రారు, గుంపులుగా వస్తారు, అందుకని ఆరు కుర్చీలు వేయండి. ఆరుగురిని కనిపెట్టి చూడటానికి ఇద్దరు కావాలి. దారి చూపించడానికి గేటు దగ్గర ఒకరు. వరుసలో కూర్చున్నవాళ్లకు నీళ్లు ఇచ్చి, వాళ్లతో మాట్లాడేందుకు ఒకరు. మంచం దగ్గర్నుంచి విశ్రాంతి కుర్చీ దాకా పక్కనే నడిచేందుకు ఒకరు. ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్లేందుకు, అందరికీ ఐదేసి నిమిషాలు విరామం ఇప్పించేందుకు షిఫ్టు బాధ్యులు ఒకరు. మొత్తం ఎనిమిది మంది.

ఐదు గంటలూ ఒకే మనిషిని నిలబెట్టకండి. మూడో గంట దాటాక చూపు మందగిస్తుంది, పక్కవాళ్లతో కబుర్లు మొదలవుతాయి. రోజుకు రెండు షిఫ్టులు పెట్టండి. మొదటిది 8 నుంచి 11:30, రెండోది 11 నుంచి 2:45. మధ్యలో అరగంట ఇద్దరూ ఉండేలా కావాలనే పెట్టాను, పాతవాళ్లు కొత్తవాళ్లకు పని చూపించి వెళ్లాలి. రెండు రోజులకు నాలుగు షిఫ్టులు, షిఫ్టుకు ఎనిమిది, మొత్తం 32 చోట్లు. ఒకే మనిషి రెండు షిఫ్టులు తీసుకోవచ్చు, అది వేరే సంగతి. మీ మెసేజ్‌కు పునాది ఈ 32. నలభై మంది "వస్తాం" అన్న పోయినసారి కూడా మీకు మనుషుల కొరత లేదని చూడండి. వాళ్లంతా ఒకే ఉదయం వచ్చారు, అంతే.

ఇప్పుడు తప్పు పేరు సంగతి. చాలా ఏళ్ల కిందట నేను పెట్టిన మెసేజ్‌లో ఒక వాక్యం ఇలా ఉండేది: "స్నాక్స్ టేబుల్ దగ్గర ఇద్దరు కావాలి." ఇద్దరు వచ్చారు, మంచి పిల్లలు. పొద్దున్నుంచీ టేబుల్ మీద బిస్కెట్ ప్యాకెట్లు వరుసగా పేర్చి, గ్లాసులు నింపి, ఎవరు వచ్చినా నవ్వుతూ అందించారు. పదకొండున్నరకు ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు, రక్తం ఇవ్వడం అదే మొదటిసారి. జ్యూస్ సగం తాగాడు. వాలంటీర్లలో ఒకమ్మాయి నీళ్ల కేసు తేవడానికి వెళ్లింది. ఇంకో అబ్బాయి కుర్చీలకు వీపు పెట్టి గ్లాసులు నింపుతున్నాడు. కుర్రాడు రెండుసార్లు ఆవలించాడట, పక్క కుర్చీలో ఉన్నాయన తర్వాత చెప్పాడు. ఆ తర్వాత లేచి, ఎవరికీ చెప్పకుండా బాత్రూమ్ వైపు నడిచాడు. గుమ్మం దగ్గర పడిపోయాడు. గడ్డం గచ్చుకు తగిలి చీలింది, మూడు కుట్లు పడ్డాయి.

ఆ ఇద్దరినీ ఒక్క మాట కూడా అనలేదు నేను. స్నాక్స్ పెట్టడానికి రమ్మని నేనే రాశాను, వాళ్లు స్నాక్స్ పెట్టారు. ఆ టేబుల్ దగ్గర జరగాల్సిన అసలు పని వేరే. ఇచ్చినవాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవడం ఆ పని. జ్యూస్, బిస్కెట్లు మనిషిని పావుగంట కదలకుండా కూర్చోబెట్టడానికి ఒక సాకు కూడా. అప్పట్నుంచి నా మెసేజ్‌లలో స్నాక్స్ టేబుల్ అన్న మాట లేదు. "విశ్రాంతి కుర్చీల దగ్గర కనిపెట్టి ఉండేవాళ్లు" అని రాస్తాను. పేరు మార్చగానే వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా మారిపోయాయి. "ఏం పెట్టాలి?" అని అడిగేవాళ్లు, "ఏం చూడాలి?" అని అడగడం మొదలుపెట్టారు.

ఏం చూడాలో మీకూ చెప్తాను, ఎందుకంటే షిఫ్టు మొదలయ్యే ముందు మీరే వాళ్లకు చెప్పాలి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తీసేది 350 నుంచి 450 మిల్లీలీటర్లు, పదో వంతు కూడా కాదు. ఆరోగ్యవంతుల శరీరం దాన్ని తట్టుకుంటుంది. కళ్లు తిరగడానికి పోయిన రక్తం ఒక్కటే కారణం కాదు. భయం, నొప్పి, ఆత్రం లాంటివాటికి నరాలు స్పందించి గుండె వేగాన్ని తగ్గిస్తాయి, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది. అదే సమయంలో మనిషి నిలబడితే మెదడుకు చేరే రక్తం ఒక్కసారిగా తగ్గి స్పృహ తప్పుతుంది. అందుకే ఇలాంటివి చాలావరకు సూది గుచ్చేటప్పుడు కాకుండా, అంతా అయిపోయింది కదా అని లేచి నడిచేటప్పుడు జరుగుతాయి. మొదటిసారి ఇచ్చేవాళ్లలో, వయసులో చిన్నవాళ్లలో, బరువు తక్కువున్నవాళ్లలో ఎక్కువ.

పడిపోయే ముందు దాదాపు అందరి మొహమూ చెప్తుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి మాట ఆపేస్తాడు. పెదవుల రంగు పోతుంది. పై పెదవి మీద, నుదుటి మీద సన్నగా చెమట పడుతుంది. ఆవలింతలు వస్తాయి. ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు చూపు నిలిచిపోతుంది. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అనే అంటారు, నలుగురిలో బాగాలేదని చెప్పుకోవడానికి మొహమాటం. ఆ జవాబును పట్టించుకోవద్దని వాలంటీర్లకు చెప్పండి. వాళ్లు నమ్మాల్సింది కళ్లతో చూసిందే. ఈ లక్షణాల్లో రెండు కనబడితే ఒకరు అక్కడే ఉండి దాతను నేల మీదో చాప మీదో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, రెండోవారు నర్సును పిలవాలి. మంచం దాకా నడిపించుకుని వెళ్లకూడదు, దారిలోనే పడిపోతారు. పూర్తిగా తేరుకునేదాకా నోట్లో నీళ్లు పోయకూడదు. అంతకు మించి వాలంటీరు చేయాల్సింది ఏమీ లేదు, మిగతాది నర్సు చూసుకుంటారు.

బాత్రూమ్‌కు వెళ్లాలంటే తోడు వెళ్లాలి, తలుపుకు లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పాలి. కుర్చీలు గోడ వైపు వెన్ను ఉండేలా వేసి, వాలంటీర్లు వాటికి ఎదురుగా కూర్చోవాలి. జ్యూస్ టేబుల్ పక్కన ఉండాలి, మధ్యలో కాదు. ఇంత చిన్న మార్పు వల్లే మా శిబిరంలో గ్లాసులు నింపేవాళ్ల వీపు దాతల వైపు తిరగడం ఆగిపోయింది.

ఇలాంటిదే ఇంకో పని వరుసలో నీళ్లు ఇవ్వడం. దీన్ని అందరూ మర్యాద అనుకుంటారు. రక్తం ఇవ్వడానికి అరగంట లోపు అర లీటరు నీళ్లు తాగినవాళ్లకు కళ్లు తిరగడం తగ్గుతుంది. ఇంట్లో పొద్దున తాగిన నీళ్లు దీనికి లెక్కలోకి రావు, ఆ ప్రభావం కాసేపే ఉంటుంది. కాబట్టి ఆ వాలంటీరు పని, డాక్టర్ గారు సరేనన్నాక మంచం ఎక్కేలోపు దాత చేత అర లీటరు సీసా పూర్తిగా తాగించడం. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తొడలు, పిరుదుల కండరాలు కొన్ని సెకన్లు బిగించి వదలడం కూడా వాళ్లే నేర్పవచ్చు. మంచం మీద ఉన్నప్పుడు, లేవబోయే ముందు అలా చేస్తే బీపీ పడిపోకుండా ఉంటుంది. ఒక్క నిమిషంలో నేర్పవచ్చు, మొదటిసారి వచ్చినవాళ్లకు చేయడానికి ఏదో ఒక పని దొరికి భయం కూడా తగ్గుతుంది. మీ బ్లడ్ బ్యాంక్ నర్సును ముందే అడిగి వాళ్ల పద్ధతి ఏమిటో కనుక్కుని అదే చెప్పించండి.

మెసేజ్‌లో తప్పకుండా ఉండాల్సిన ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. "మీరు కూడా రక్తం ఇస్తారా?" అని. సేవ చేద్దామని వచ్చేవాళ్లు రక్తం ఇవ్వాలని కూడా అనుకోవడం సహజం. ఏం చెప్పకపోతే ఎనిమిది మందీ వరుస లేని సమయం చూసి పొద్దున తొమ్మిదింటికే ఇచ్చేస్తారు. అక్కణ్నుంచి రెండున్నర గంటలు ఎండలో గేటు దగ్గర నిలబడతారు, నీళ్ల కేసులు మోస్తారు. సూది గుచ్చిన చేత్తో బరువు ఎత్తితే మళ్లీ రక్తం కారుతుంది, చేయి కమిలిపోతుంది. మా దగ్గర ఒకసారి షిఫ్టులో కళ్లు తిరిగి పడింది దాత కాదు, గంట ముందే రక్తం ఇచ్చి వచ్చిన వాలంటీరు. నియమం ఒక్కటే: షిఫ్టు అయ్యాక ఇవ్వండి, లేదా మీ షిఫ్టు లేని రోజు ఇవ్వండి. చివరి షిఫ్టు వాళ్లు మాత్రం ముందురోజే ఇచ్చేయాలి, ఎందుకంటే వాళ్ల షిఫ్టు అయ్యేసరికి బ్లడ్ బ్యాంక్ వాళ్లు సర్దుకుంటూ ఉంటారు. వాళ్లకూ గడియారం ఉంది. తీసిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లు వేరు చేయాలంటే చాలాచోట్ల 6 నుంచి 8 గంటల్లో ఆ పని మొదలవ్వాలి, పొద్దున తీసిన మొదటి సంచి కోసం వాళ్లు తొందరపడతారు. అందుకే 2 గంటలకు ముగింపు అన్నారంటే 1:15కి రిజిస్ట్రేషన్ ఆపాలి.

ఇక గోప్యత గురించి. మెసేజ్‌లో ఒక్క వాక్యమే పెట్టండి కానీ తప్పకుండా పెట్టండి. దాతలు నింపే ఫారంలో జబ్బులు, మందులు, వ్యక్తిగత జీవితం గురించిన ప్రశ్నలుంటాయి. మీ వాలంటీర్లు, దాతలు ఒకే కాలేజీ, ఒకే ఆఫీసు వాళ్లు అయి ఉంటారు. పక్కన నిలబడి తెలిసినవాళ్లు చూస్తుంటే నిజం రాయరు, నిజం రాయకపోతే ఆ ప్రమాదం ఆ రక్తం ఎక్కించుకున్న రోగి మీద పడుతుంది. కాబట్టి వాలంటీర్లు పేరు, ఫోన్ నంబరు భాగం వరకే సాయం చేయాలి, ఆరోగ్యం ప్రశ్నల పేజీ దాత ఒక్కరే నింపుకోవాలి. డాక్టర్ వెనక్కి పంపినవాళ్లను "ఏమైంది, ఎందుకు తీసుకోలేదు?" అని అడగకూడదు. హిమోగ్లోబిన్ తక్కువుండటం లాంటి మామూలు కారణమే కావచ్చు, చాలాచోట్ల 12.5 గ్రాముల కంటే తక్కువుంటే తీసుకోరు. కానీ పదిమందిలో అడిగితే ఆ మనిషి మళ్లీ ఏ శిబిరానికీ రాడు. వాళ్లకూ అదే కుర్చీ, అదే జ్యూస్ ఇచ్చి పంపండి. అప్పుడు చూసేవాళ్లకు ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో తెలియదు.

ఇవన్నీ పెట్టుకుని నేనైతే మెసేజ్ ఇలా రాస్తాను. మీ శిబిరం అంకెలు వేసుకుని వాడుకోండి.

"నమస్కారం. వచ్చే శని, ఆదివారాల్లో జరిగే రక్తదాన శిబిరంలో పనిచేయడానికి షిఫ్టుకు ఎనిమిది మంది కావాలి. ఇది రక్తం ఇవ్వమని కాదు, సుమారు మూడున్నర గంటలు మాతో పనిచేయమని అడగడం. రక్తం ఇవ్వలేనివాళ్లు కూడా ఈ పని చేయవచ్చు.

షిఫ్టులు నాలుగు. శనివారం ఉదయం 8 నుంచి 11:30, శనివారం 11 నుంచి 2:45. ఆదివారం కూడా ఇవే సమయాలు. ఆదివారం రెండో షిఫ్టుకే మనుషులు తక్కువ పడతారు, ఏదైనా ఫర్వాలేదు అనుకునేవాళ్లు దయచేసి అది తీసుకోండి.

ప్రతి షిఫ్టులో పనులు ఇవి. గేటు దగ్గర దారి చూపేవారు ఒకరు, ఎండలో నిలబడాలి. రిజిస్ట్రేషన్‌లో ఇద్దరు, చేతిరాత స్పష్టంగా ఉండాలి, కూర్చుని చేసే పని. వరుసలో దాతలకు నీళ్లు తాగించి, మొదటిసారి వచ్చినవాళ్లతో మాట్లాడేవారు ఒకరు. మంచం నుంచి కుర్చీ దాకా దాత పక్కన నడిచేవారు ఒకరు, రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఇది తీసుకోవద్దు. విశ్రాంతి కుర్చీల దగ్గర దాతల మొహాలు కనిపెట్టి ఉండేవారు ఇద్దరు, షిఫ్టు అంతా ఫోన్ పక్కన పెట్టగలిగినవాళ్లే రండి. షిఫ్టు బాధ్యులను నేను అడుగుతాను.

ఏం చేయాలో షిఫ్టు మొదలయ్యేటప్పుడు పది నిమిషాలు చెప్తాం, ముందు అనుభవం అక్కర్లేదు. సూదులు, రక్తం సంచులు, దూది ఏవీ వాలంటీర్లు ముట్టుకోరు. దాతల ఆరోగ్య వివరాలు అడగకూడదు, విన్నవి బయట చెప్పకూడదు.

మీరు కూడా రక్తం ఇవ్వాలనుకుంటే షిఫ్టు అయ్యాక గానీ, షిఫ్టు లేని రోజు గానీ ఇవ్వండి. జ్వరం, జలుబు ఉంటే రావద్దు, ముందు చెప్తే చాలు.

రాదలచినవాళ్లు గ్రూపులో కాకుండా నాకు విడిగా మూడు సంగతులు పంపండి: ఏ షిఫ్టు, ఏ పని, రక్తం ఇస్తారా లేదా. బుధవారం రాత్రిలోపు పంపితే గురువారం మీ చోటు ఖాయం చేసి చెప్తాను. నేను ఖాయం చేసేదాకా చోటు ఖాయం కానట్టే."

ఇందులో కొన్ని మాటలు కావాలనే పెట్టినవి. ఎండలో నిలబడాలి, ఫోన్ పక్కన పెట్టాలి అని కష్టాన్ని ముందే చెప్పడం వల్ల కొంతమంది తగ్గుతారు, తగ్గనివ్వండి. వచ్చాక వెళ్లిపోయేవాళ్ల కంటే రానివాళ్లు మేలు. గ్రూపులో జవాబు వద్దన్నది ఎందుకంటే, ఒకరు "నేను రెడీ" అని పెట్టగానే కింద ఇరవై చేతులు లేస్తాయి, వాటిలో ఎన్ని నిజమో మీకు తెలియదు. విడిగా రాసి, షిఫ్టు పేరు తన చేత్తో టైపు చేసిన మనిషి ఆ సమయానికి ఇంట్లో ఏం ఉందో ఒకసారి ఆలోచించుకునే రాస్తాడు. రక్తం ఇవ్వలేనివాళ్లూ చేయవచ్చు అన్న వాక్యం తీసేయకండి. బరువు చాలనివాళ్లు, మందులు వాడేవాళ్లు, ఈమధ్యే రక్తం ఇచ్చినవాళ్లు ఇది తమకు సంబంధించిన మెసేజ్ కాదనుకుని దాటేస్తారు. నాకు అందరికంటే నమ్మకంగా వచ్చే వాలంటీర్లు వాళ్లలోంచే వచ్చారు.

మెసేజ్‌లో రక్తం కొరత గురించి, ప్రాణదానం గురించి పెద్ద పేరాలు రాయకండి. దాతలను పిలిచే పోస్టరులో అవి ఉండనివ్వండి. వాలంటీరుకు తెలియాల్సింది గంట, చోటు, పని. మెసేజ్ పొడవైతే షిఫ్టు సమయాలు ఎవరూ చదవరు.

మెసేజ్ పెట్టిన రోజు రాత్రి షిఫ్టు బాధ్యులకు మాత్రం ఫోన్ చేయండి. మెసేజ్ చూసి బాధ్యత తీసుకునేవాళ్లు ఉండరు, పేరు పెట్టి అడిగితే ఉంటారు. పోయినసారి చివరిదాకా మిగిలిన ఆ ముగ్గురినే మొదట అడగండి, వాళ్లను ఆదివారం రెండో షిఫ్టుకు కాకుండా వాళ్లు కోరుకున్న షిఫ్టుకు వేయండి. ప్రతిసారీ చివర్లో గిన్నెలు కడిగే పని ఒకరికే పడితే మూడోసారికి ఆ ఒకరూ రారు.

గురువారం ఖాయం చేసేటప్పుడు ప్రతి షిఫ్టుకూ ఎనిమిది కాకుండా పది మందిని తీసుకోండి, ఇద్దరు రారనే లెక్క పెట్టుకుని. పది మందీ వస్తే నీళ్ల దగ్గర ఒకరిని, విశ్రాంతి కుర్చీల దగ్గర ఒకరిని అదనంగా వేయండి, ఆ రెండు చోట్లా మనుషులు ఎక్కువైనా పని పాడవదు. రిజిస్ట్రేషన్‌లో ఎక్కువైతే పాడవుతుంది, ఫారాలు చేతులు మారి కలిసిపోతాయి. ఖాయం చేసే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా, చిన్నగా ఉండాలి: "మీది ఆదివారం 11 గంటల షిఫ్టు, విశ్రాంతి కుర్చీల దగ్గర. 10:50కి గేటు దగ్గర షిఫ్టు బాధ్యులను కలవండి. రాలేకపోతే శనివారం సాయంత్రం 6 లోపు ఒక్క మాట చెప్పండి, వేరేవాళ్లను అడుగుతాను." ఆఖరి వాక్యం ముఖ్యం. రాలేనని చెప్పడానికి దారి ఇవ్వకపోతే చెప్పకుండానే మానేస్తారు. రాలేమని చెప్పినవాళ్లకు "ఫర్వాలేదండీ, చెప్పినందుకు సంతోషం" అని రాయండి, కారణం అడగకండి.

షిఫ్టు ముందురోజు సాయంత్రం ఇంకొక్కసారి గుర్తుచేయండి, అప్పుడు "సరే" అని జవాబు రానివాళ్లకు ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తనివాళ్లను రానట్టే లెక్కవేసుకుని, అదనంగా తీసుకున్నవాళ్లలో ఒకరికి ఆ పని అప్పగించండి. శనివారం ఉదయం ఎనిమిదింటికి మీ చేతిలో ఉండాల్సింది నలభై పేర్ల జాబితా కాదు. ప్రతి పని పక్కన ఒక పేరు, ఆ పేరు పక్కన ముందురోజు సాయంత్రం వచ్చిన "సరే". ఆ ఎనిమిది గీతల్లో ఏదైనా ఖాళీగా ఉంటే గేటు పని వదిలేసి బాణం గుర్తు అంటించండి, విశ్రాంతి కుర్చీల దగ్గర మాత్రం ఇద్దరూ వచ్చేదాకా మొదటి దాతను మంచం ఎక్కించవద్దని బ్లడ్ బ్యాంక్ వాళ్లకు చెప్పండి.